షీట్‌లో స్టాక్ మారిస్తే మధ్యలో జరిగిన అమ్మకాలు చెరిగిపోతున్నాయి, ఎలా ఆపాలి?

అందరికీ నమస్కారం. చిన్న షాపు స్టాక్ అంతా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంది, బిల్లింగ్ కూడా దాన్నుంచే. కానీ సరుకు దించుకునేవాళ్ళు మాత్రం అందరం కలిసి వాడే గూగుల్ షీట్‌లోనే ఎంట్రీ చేస్తారు, అది మార్చమంటే వినరు, వాళ్ళకి అదే సులువు కూడా. అందుకే క్రాన్‌లో 15 నిమిషాలకోసారి షీట్‌నీ డేటాబేస్‌నీ సింక్ చేసే ఒక పైథాన్ స్క్రిప్ట్ నడుస్తుంది.

సమస్య ఏంటంటే, ఒక ఐటమ్ రెండుచోట్లా 40 ఉందనుకోండి, కొత్తగా 12 వచ్చాయని ఒకరు షీట్‌లో 52 కొట్టారు, స్క్రిప్ట్ నడిచేలోపే కౌంటర్‌లో 3 అమ్ముడయ్యి డేటాబేస్‌లో 37 అయ్యింది, స్క్రిప్ట్ వచ్చి దానిమీద 52 రాసేసింది. ఉండాల్సింది 49. ఎర్రర్ ఏమీ రాదు, సరుకు లెక్కపెట్టినప్పుడే తేడా బయటపడుతుంది.

అందుకని పోయినసారి సింక్ అయిన విలువ (40) విడిగా దాచి, తేడా మాత్రమే కలుపుదామనుకుంటున్నా:

```sql
UPDATE items SET qty = qty + 12 WHERE sku = 'A101';
```

ఇది అయ్యాక, ఆ పాత విలువని 52కి మార్చేలోపు స్క్రిప్ట్ ఆగిపోతే తర్వాతి రన్‌లో 12 మళ్ళీ కలుస్తుంది కదా. రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెడితే డేటాబేస్ వరకు ఓకే, కానీ షీట్‌లోకి 49 తిరిగి రాయడం ఆ ట్రాన్సాక్షన్‌లోకి రాదు, సరిగ్గా అప్పుడే ఎవరైనా ఆ సెల్ మారిస్తే వాళ్ళ ఎంట్రీ పోతుంది. లేకపోతే స్టాక్ కాలమ్ లాక్ చేసేసి, వచ్చిన సరుకుకి ఒక్కో వరస, ఒక్కో ఐడీతో కొత్త ట్యాబ్‌లో రాయించి, `ON CONFLICT DO NOTHING`తో ఎక్కించడమే మేలా? అలా చేస్తున్నవాళ్ళుంటే, ఎక్కేసిన వరసని తర్వాత ఎవరైనా దిద్దితే ఎలా పట్టుకుంటున్నారో కాస్త చెప్పండి ప్లీజ్.