లీటరు పెట్రోలు మీద కేంద్ర సుంకంలో మన రాష్ట్రానికి చేరేదెంత? సెస్సులనూ పంచాలా?

కావలి పాఠకుడు (ప్రశ్న)

“కేంద్రం తన పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు ఇస్తున్నానంటోంది. రాష్ట్రమేమో అంత రావడం లేదంటోంది. రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? సెస్సులను కూడా పంచమని అడగడం న్యాయమేనా?”

విశ్రాంత ఖజానా ఉద్యోగి, నెల్లూరు

రెండూ నిజమే, ఎందుకంటే వాళ్లిద్దరూ కొలుస్తున్న కుప్ప ఒకటి కాదు. కల్లంలో ధాన్యం పాళ్లు వేసుకునే ముందే కొన్ని బస్తాలను పక్కకు తీసి పెడితే, మిగిలిన కుప్పలో ఎవరి పాలు ఎంతో నిజాయితీగా కొలిచినా, పక్కకు తీసిన బస్తాలు ఆ లెక్కలోకి రావు. రాజ్యాంగం 270వ అధికరణం ప్రకారం కేంద్ర పన్నులన్నీ పంపకానికి వస్తాయి, కానీ సెస్సులూ సర్‌ఛార్జీలూ రావు. 2000లో జరిగిన 80వ సవరణకు ముందు ఆదాయపు పన్ను, ఎక్సైజు మాత్రమే పంచేవారు. ఆ సవరణ అన్ని పన్నులనూ కుప్పలోకి తెచ్చింది, అయితే పక్కకు తీసే దారిని కూడా అలాగే ఉంచింది.

ఇది ఎంత దూరం వెళ్లిందో ఒక లీటరు పెట్రోలుతో చూపిస్తాను. 2022 మే తగ్గింపు తరువాత కేంద్రం లీటరుకు తీసుకున్నది 19 రూపాయల 90 పైసలు. అందులో మూల ఎక్సైజు సుంకం 1 రూపాయి 40 పైసలు మాత్రమే. మిగిలినదంతా ప్రత్యేక అదనపు సుంకం 11 రూపాయలు, రోడ్డు, మౌలిక వసతుల సెస్సు 5 రూపాయలు, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు రెండున్నర రూపాయలు. ఆ ప్రత్యేక అదనపు సుంకం కూడా సర్‌ఛార్జీ కిందికే వస్తుంది కనుక పంపకానికి వచ్చేది ఆ 1.40 మాత్రమే. అందులో 41 శాతమంటే 57 పైసలు, అది ఇరవై ఎనిమిది రాష్ట్రాలకూ కలిపి. 15వ ఆర్థిక సంఘం 2021-26కు మనకు నిర్ణయించిన వాటా 4.047 శాతం కనుక అప్పుడు ఆంధ్రప్రదేశ్‌కు చేరింది లీటరుకు రెండు పైసలకు కాస్త ఎక్కువ. వెయ్యి లీటర్లు అమ్మితే 23 రూపాయలన్నమాట. అదే 19.90 అంతా కుప్పలోకి వచ్చి ఉంటే లీటరుకు 33 పైసలు వచ్చేవి. 2025 ఏప్రిల్‌లో కేంద్రం మరో రెండు రూపాయలు పెంచినప్పుడు ఆ పెంపు కూడా ప్రత్యేక అదనపు సుంకంలోకే వెళ్లింది, మూల సుంకంలోకి కాదు. పంచవలసిన పద్దును చిన్నదిగా ఉంచి, పంచనక్కరలేని పద్దును పెంచడమే ఇక్కడ కనిపించే అసలు విషయం. ఈ కారణం చేత సెస్సులను పంచమని అడగడం పూర్తిగా న్యాయమని నా అభిప్రాయం.

చీమకుర్తి నుంచి, క్వారీ గుమాస్తా

పెట్రోలు సంగతి అలా ఉంచండి. మా ఊరి గ్రానైటు మీద వచ్చే డబ్బంతా ఢిల్లీకే పోతోంది, దాని సంగతి ఎవరూ మాట్లాడరు. లారీలు తిరిగి రోడ్లు పాడైపోయాయి, దుమ్ముకు ఊపిరి ఆడదు, కానీ పన్నులో మాకు మిగిలేది ఏమీ లేదు. ముందు దీని లెక్క చెప్పండి.

విశ్రాంత ఖజానా ఉద్యోగి, నెల్లూరు

తమ్ముడూ, మీ బాధ నిజమైనదే కానీ లెక్క మరోలా ఉంది. గ్రానైటు చిన్న తరహా ఖనిజం కనుక దాని మీద సీనరేజీ, అంటే తవ్వకపు రుసుము, నిర్ణయించేదీ వసూలు చేసుకునేదీ రాష్ట్రమే. ఢిల్లీకి అందులో వాటా లేదు. మీ రోడ్డుకు అందులో నుంచి ఎంత తిరిగి వస్తోందని అడగవలసింది అమరావతిని. జీఎస్‌టీ సంగతి వేరు. అది సరుకు తయారైన చోటికి కాకుండా వాడిన చోటికి చెందుతుంది. మీ పలక బెంగళూరు ఇంట్లో పరిస్తే రాష్ట్ర వాటా కర్ణాటకకు వెళుతుంది. మీకు ఏమీ మిగలడం లేదని అనిపించడానికి కారణం ఢిల్లీ కంటే ఆ పద్ధతి ఎక్కువ.

డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, ఒంగోలు

పెద్దవారు చెప్పిన అంకెలతో నాకు పేచీ లేదు, అయితే వారు ఆ లీటరులో సగం మాత్రమే చూపించారు. అదే లీటరు మీద మన రాష్ట్రం 31 శాతం వ్యాట్, దానిపై 4 రూపాయల అదనపు వ్యాట్, ఒక రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు వసూలు చేస్తోంది. అన్నీ కలిపితే లీటరుకు పాతిక రూపాయలు దాటుతుంది, అంటే కేంద్రం తీసుకున్న దానికంటే ఎక్కువ. పెట్రోలును జీఎస్‌టీ బయటే ఉంచాలని రాష్ట్రాలు పట్టుబట్టింది కూడా అందుకే. మరి ఆ రెండు పైసలను మాత్రమే చూపి రాష్ట్రానికి అన్యాయం జరిగిందనడం ఎలా కుదురుతుంది? కేంద్రం లోటు భర్తీ గ్రాంటు కూడా ఇస్తోంది కదా. 15వ ఆర్థిక సంఘం మనకు 30 వేల కోట్లకు పైగా సిఫారసు చేసింది. సెస్సుతో పోయింది గ్రాంటుతో వచ్చిందనుకోవచ్చు.

ఇంకొక మాట. రోడ్డు సెస్సు ఏ పనికని వసూలు చేస్తారో ఆ పనికే వాడితే నాకు అభ్యంతరం లేదు. నెల్లూరు మీదుగా, ఒంగోలు మీదుగా వెళ్లే పదహారో నంబరు జాతీయ రహదారి మీద రోజూ ప్రయాణించేవాళ్లం మనమే.

విశ్రాంత ఖజానా ఉద్యోగి, నెల్లూరు

వ్యాట్ విషయంలో మీరు చెప్పింది సరైనదే, దాన్ని నేను ముందే చెప్పి ఉండవలసింది. గ్రాంటు విషయంలో మాత్రం సగమే సరైనది. ఆ సొమ్ము ఐదేళ్లకూ సమానంగా పరచి ఇచ్చినది కాదు. 2021-22లో 17 వేల కోట్లకు పైన ఉండి, మరుసటి ఏడు పదిన్నర వేల కోట్లకు, 2023-24లో 2,700 కోట్ల లోపుకు దిగి, ఆ తరువాత ఆగిపోయింది. సెస్సు మాత్రం ఆగలేదు. ఆగిపోయే గ్రాంటును, ఆగని సెస్సుకు బదులుగా చూడలేము.

ఏ పనికి వసూలు చేస్తే ఆ పనికి వాడాలన్న మీ షరతు మంచిదే, కానీ అది పూర్తిగా నెరవేరడం లేదు. 2018-19లో కేంద్రం 35 రకాల సెస్సుల మీద దాదాపు 2 లక్షల 75 వేల కోట్లు వసూలు చేసి, వాటి కోసం ఏర్పాటు చేసిన నిధులకు సుమారు 1 లక్షా 64 వేల కోట్లే పంపిందని కాగ్ తన నివేదికలో ఎత్తిచూపింది. మిగిలినది కేంద్రం మామూలు ఖజానా అయిన సంచిత నిధిలోనే ఉండిపోయింది. అలా ఉండిపోయిన సొమ్ము పేరుకే సెస్సు, వాడకంలో మామూలు పన్ను. మామూలు పన్ను అయినప్పుడు దాన్ని పంచాలి కదా అన్నదే నా వాదన.

బంకు యజమాని, కావలి

ఈ తగ్గింపుల మాట వస్తే నా అనుభవం చెప్పాలి. 2022 మేలో తగ్గింపు ప్రకటన వచ్చింది శనివారం సాయంత్రం. మరునాడు ఆదివారం, బ్యాంకులకు సెలవని శుక్రవారమే డబ్బు కట్టి లోడు దింపుకున్నాను. ఆ రాత్రి టార్చి వేసుకుని డిప్ రాడ్ దించి చూస్తే పెట్రోలు ట్యాంకులో పది వేల లీటర్లకు పైగా ఉంది. పాత సుంకం మీద కొన్న సరుకును తెల్లవారేసరికి లీటరుకు పది రూపాయల మేర తక్కువకు అమ్మవలసి వచ్చింది. లక్ష రూపాయలు ఒక్క రాత్రిలో పోయాయి. పంపకం ఎవరిదైనా తగ్గింపు భారం మాత్రం డీలరు మీదే పడుతోంది. దీనికి ఏ ఆర్థిక సంఘమూ లేదు.

కావలి పాఠకుడు

అన్నా, ఒక్క సందేహం. కేంద్రం తగ్గించింది ఎనిమిది రూపాయలే కదా. మీకు లీటరుకు పది రూపాయలు ఎలా పోయాయి?

విశ్రాంత ఖజానా ఉద్యోగి, నెల్లూరు

ఆ తేడాలోనే మీ ప్రశ్నకు రెండో సగం జవాబు ఉంది. వ్యాట్‌ను వేసేది కేంద్ర సుంకం కలిసిన ధర మీద. అందుచేత కేంద్రం 8 రూపాయలు తగ్గించగానే, రాష్ట్రం ఏ ఉత్తర్వూ ఇవ్వకుండానే, దాని 31 శాతం కింద లీటరుకు 2 రూపాయల 48 పైసలు రాష్ట్ర ఖజానాలో తగ్గిపోయాయి. తగ్గించిన 8 రూపాయలూ రోడ్డు సెస్సులోనివేనని, దాన్ని రాష్ట్రాలతో పంచడం లేదు కనుక రాష్ట్రాలకు నష్టం లేదని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ అప్పట్లో వివరించారు. వాటా వరకు ఆ మాట నిజమే. వ్యాట్ వరకు నిజం కాదు. అయితే అధ్యాపకురాలు గారు తప్పకుండా అడుగుతారు కనుక నేనే చెబుతున్నాను: 2020లో ఇదే సుంకం 32 రూపాయల 98 పైసల దాకా పెరిగినప్పుడు ఇదే సూత్రం చొప్పున మన వ్యాట్ కూడా పెరిగింది. ఆ పెరుగుదలను రాష్ట్రం వద్దనలేదు.

డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, ఒంగోలు

అడగబోయినది అదే. కాగ్ లెక్క చూశాక ఒక అడుగు వెనక్కి వేస్తున్నాను. నిధికి చేరని సెస్సును పంచాలన్న వాదనలో బలం ఉంది. కానీ అన్ని సెస్సులనూ కుప్పలో కలపాలంటే రాజ్యాంగ సవరణ కావాలి. ఏ ఆర్థిక సంఘమూ తన సిఫారసుతో ఆ పని చేయజాలదు. అలా కలిపినా కేంద్రం ఊరుకుంటుందని అనుకోను. 14వ ఆర్థిక సంఘం వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచిన తరువాతి ఏళ్లలోనే సెస్సులు పెరిగాయి. 2010 దశకం మొదట్లో మొత్తం కేంద్ర పన్నుల్లో పదో వంతుగా ఉన్నవి ఆ దశకం చివరికి ఐదో వంతుకు చేరాయి. ఒక తలుపు తెరిస్తే మరొకటి మూసుకుంటుంది. అందుకని పంచమని అడగడం కంటే, ప్రతి సెస్సుకూ ముగింపు తేదీ ఉండాలని, ఆ తేదీ దాటితే అది మూల సుంకంలో కలిసిపోవాలని అడగడం మేలు.

విశ్రాంత ఖజానా ఉద్యోగి, నెల్లూరు

ముగింపు తేదీని పొడిగించడం ఎంత సులువో జీఎస్‌టీ పరిహార సెస్సులో చూశాము. ఐదేళ్లకని చెప్పి 2017లో మొదలైనది 2022లో ఆగలేదు. పరిహారం కోసం తెచ్చిన అప్పు తీర్చడానికని పొడిగించారు. తేదీ కంటే మొత్తానికి హద్దు పెట్టడమే నాకు నమ్మకమైన మార్గం. మొత్తం పన్నుల్లో సెస్సులు, సర్‌ఛార్జీలు ఇంత శాతం దాటితే దాటిన భాగం తనంతట తానే కుప్పలోకి రావాలి. ఎంత శాతమన్నది మాట్లాడుకోవచ్చు.

బంకు యజమాని, కావలి

రాష్ట్రం వేసే ఒక్క రూపాయి రోడ్డు సెస్సుకు కూడా అదే హద్దు పెడతారా సార్? అందులో మా పంచాయతీకి ఎంత వస్తోంది?

విశ్రాంత ఖజానా ఉద్యోగి, నెల్లూరు

పెట్టాలి. పంచాయతీలకు ఎంత ఇవ్వాలో చెప్పవలసిన రాష్ట్ర ఆర్థిక సంఘం కూడా రాజ్యాంగంలోనే ఉంది. ఢిల్లీని అడిగే మాటను మనం అమరావతిని అడగకపోతే నా వాదన నిలవదు.

కావలి పాఠకుడు

ఈ ఉదయం పెట్రోలు కొట్టించుకున్న రసీదు తీసి చూశాను. లీటర్లు, ధర, మొత్తం తప్ప సుంకం ఎంతో, సెస్సు ఎంతో ఎక్కడా లేదు. కేంద్ర బడ్జెట్‌తో పాటు వచ్చే వసూళ్ల పత్రంలో మూల ఎక్సైజు, ప్రత్యేక సుంకం, రోడ్డు సెస్సు విడివిడి వరుసల్లో ఉంటాయని చదివాను. రాష్ట్ర బడ్జెట్‌లో ఆ రూపాయి సెస్సు ఏ పద్దు కింద ఉందో తెలిసినవారు చెబితే, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని ఉంది.