శనివారం సైన్స్ క్లబ్: హాల్ ఇవ్వనంటున్నారు, అందరూ చూడండి

శ్రీకాంత్ (ఎడిసన్, అమెరికా), బుధవారం
అందరికీ నమస్తే. శనివారం ఇక్కడ పొద్దున 10 గంటలకు, హనుమకొండలో రాత్రి 7:30కి. రెండు చోట్లా పిల్లలు గ్యాస్‌తో బెలూన్ ఉబ్బించే ఒకే ప్రయోగం చేస్తారు, వీడియోలో ఒకరినొకరు చూసుకుంటూ. బ్యానర్ లావణ్య గారు, స్నాక్స్ కిరణ్, సర్టిఫికెట్లు నేను, హాల్ సమ్మయ్య అన్న. సామాను లిస్టు పోయిన వారమే పంపాను. పని అయినవాళ్లు టిక్ పెట్టండి, మూడు రోజులే ఉంది.

సమ్మయ్య
టిక్ తరువాత పెడదాం తమ్ముడూ. హాల్ పోయింది. నువ్వు పంపిన లిస్టును అట్లనే ప్రింట్ తీసి మేనేజర్‌కు ఇచ్చిన. మూడో లైన్ చదివి కాగితం నా చేతిలో పెట్టిండు. 'పిల్లల ప్రోగ్రాం అన్నరు, యాసిడ్ తెస్తరా' అన్నడు. అడ్వాన్స్ సంగతి ఓనర్‌ను అడగాలట.

శ్రీకాంత్
అన్నా, అది వెనిగర్! ఆ ముక్క చెబితే అయిపోయేది కదా. ఇంత చిన్నదానికి హాల్ పోగొట్టుకుంటే ఎలా?

సమ్మయ్య
'ఎసిటిక్ యాసిడ్ 5%' అని రాసింది నేనా? నీకు లిస్టు పంపుడే తెలుసు. ఎండల మూడు సార్లు తిరిగింది నేను. కిరాణా కొట్టుకు పోయి వెనిగర్ సీసా కొనుక్కొచ్చి మరీ చూపిచ్చిన. సీసా దిక్కే చూడలేదు ఆయన. ఇంకెవరికన్నా అప్పజెప్పు, నాతోని కాదు.

రమాదేవి
ఇద్దరూ కాస్త ఆగండి. మేనేజర్‌ను నేను తప్పుపట్టను. 2008లో ఇంజనీరింగ్ చదివే ఆడపిల్లల మీద యాసిడ్ పోసిన ఊరు ఇది. ఆ మాట కాగితం మీద కనిపిస్తే ఇక్కడ ఎవరైనా ఉలిక్కిపడతారు. పాఠం చెప్పేటప్పుడు నేను ఆ మాట అంటాను, కానీ లిస్టులో 'వెనిగర్, తినే సోడా' అని రాస్తే సరిపోయేది. సమ్మయ్యా, నువ్వు వెళ్లిపోతే మాకు దిక్కెవరు?

శ్రీకాంత్
సారీ అన్నా. రాత్రి ఒంటిగంటకు రాసిన లిస్టు అది.

సమ్మయ్య
సరే. మా డాబా ఉంది. ఇరవై మంది పిల్లలు పడతరు. లైట్ గుంజుత. వైఫై పైకి వస్తదో రాదో చెప్పలేను.

లావణ్య
మరి బ్యానర్ మీద హాల్ పేరు పడిపోయింది. ఏం చేయను?

(ఎవరూ జవాబు ఇవ్వలేదు.)

కిరణ్
ఒక డౌట్ మేడమ్. మా సింక్ జామ్ అయింది, ఈ రెండూ పోస్తే క్లియర్ అవుతుందా?

రమాదేవి
కాదు నాయనా. పొంగు తగ్గాక మిగిలేది ఉప్పులాంటి నీళ్లే. ప్లంబర్‌ను పిలువు.

శ్రీకాంత్
బెలూన్ కొలత: 100 మి.లీ. వెనిగర్, రెండు చెంచాల సోడా. సోడా ఎంత ఎక్కువైతే బెలూన్ అంత పెద్దది. ఇక్కడ మేం చేసి చూశాం.

రమాదేవి
సగం నిజం. మీ దగ్గర దొరికే తెల్ల వెనిగర్ 5 శాతం. సమ్మయ్య కొన్న సీసా మీద 4 అని ఉంది, నేను చూశాను. అంటే 100 మి.లీ.లో 4 గ్రాముల యాసిడ్. దానికి దాదాపు ఐదున్నర గ్రాముల సోడా చాలు, చెంచా నిండా తీసుకుంటే అంతే వస్తుంది. రెండో చెంచా దండగే, బెలూన్‌కు పైసా లాభం లేదు. నురగ ఆగిపోయాక అడుగున తెల్ల పొడి ఉంటే సోడా ఎక్కువైనట్టు. పొడి లేక, చిటికెడు సోడా వేస్తే మళ్లీ బుసబుసలాడితే వెనిగర్ మిగిలినట్టు. పొంగులో వచ్చే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ మొత్తం లీటరున్నర దాటుతుంది, బెలూన్ చిన్న కొబ్బరికాయంత అవుతుంది. ఇంకా పెద్దది కావాలంటే రెండూ పెంచాలి.

సోడా బెలూన్‌లో పోసి, మూతిని సీసాకు తొడిగి, ఆ తరువాతే బెలూన్ పైకెత్తండి. మూతి దగ్గర పిల్లల మొహాలు ఉండకూడదు. ఇంట్లో ఉన్న కళ్లద్దాలు ఏవైనా సరే పెట్టించండి.

శ్రీకాంత్
బెలూన్ బదులు మూత బిగించి ఊపితే ఠప్‌మని పేలుతుంది, పిల్లలు ఎగిరి గంతేస్తారు...

లావణ్య
వద్దు బాబూ! మా చిన్నోడు పోయినేడు నీళ్ల సీసాలో అదే చేశాడు. సీసా గట్టిపడిపోయింది. మూత తిప్పబోతే చేతిలోనే పగిలింది, గదవ మీద గీరుకుంది. ప్లాస్టిక్ కాబట్టి అంతటితో పోయింది.

రమాదేవి
మూత లేదు. ఈ సంగతిలో నేను దేనికీ ఒప్పుకోను.

సమ్మయ్య, గురువారం రాత్రి
కొవ్వొత్తి ఆర్పే ప్రయోగం చేసి చూసిన. జగ్గులో రెండూ కలిపి, గ్యాస్ వంచిన. కొవ్వొత్తి నన్ను చూసి నవ్వింది.

రమాదేవి
పైన ఫ్యాన్ తిరుగుతోందా?

సమ్మయ్య
తిరుగుతున్నది.

రమాదేవి
అదే. గాలి కంటే బరువైన గ్యాసే గానీ, ఫ్యాన్ కింద నిలవదు. డాబా మీద గాలి అంతకన్నా ఎక్కువ. జగ్గు వదిలెయ్. లోతైన గంజు తీసుకో. అడుగున రెండు కొవ్వొత్తులు మైనంతో అంటించు. ఒకటేమో రెండు వేళ్ల ఎత్తు, ఇంకోటి నాలుగు వేళ్లు. చుట్టూ రెండు చెంచాల తినే సోడా చల్లు. బట్టల సోడా కాదు, అది పిల్లల కళ్లకు మంచిది కాదు. వెలిగించాక, గంజు గోడ వెంబడి నిదానంగా 200 మి.లీ. వెనిగర్ పోయ్.

సమ్మయ్య
(అరగంట తరువాత) రెండూ ఒకేసారి ఆరినయ్. ఇది గెలుపా?

రమాదేవి
ఒత్తి తడిసిందా? మళ్లీ వెలిగిస్తే చిటపటలాడుతోందా?

సమ్మయ్య
అవును, పట్టుకోవట్లేదు.

రమాదేవి
అయితే నురగ తగిలి ఆరింది, గ్యాస్ కాదు. పిల్లలకు అబద్ధం చెప్పినట్టు అవుతుంది. సోడా కొవ్వొత్తికి దూరంగా ఉంచు, ఇంకా మెల్లగా పోయ్.

సమ్మయ్య, శుక్రవారం
అయింది మేడమ్! పొట్టిది ముందు ఆరింది. పది అంకెలు లెక్కపెట్టేలోపు పొడుగుది. ఒత్తి పొడిగనే ఉన్నది. తరువాత చీపురు పుల్ల వెలిగించి మెల్లగ లోపలికి దించిన. ఒక లోతుకు రాంగనే, ఎవరో ఊదినట్టు మంట పోయింది, పొగ మాత్రం అక్కడ్నే తేలింది. బయటికి తీసి వెలిగించి దించితే మళ్లీ అక్కడ్నే. మా అమ్మ ఐదు సార్లు చేయించింది.

శ్రీకాంత్
అద్భుతం అన్నా. మా హాల్లో మంట పెట్టనివ్వరు, మేం బెలూన్లు చేస్తాం, కొవ్వొత్తులు మీ వైపు నుంచి చూస్తాం. పుల్ల కెమెరాలో కనిపిస్తుందా?

రమాదేవి
లైట్ కాస్త పక్కకు జరిపితే కనిపిస్తుంది. పుల్ల పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. గంజులోకి ఎవరూ తల వంచొద్దు.

కిరణ్
స్నాక్స్ సంగతి? ఆర్డర్ ఇవ్వలేదు నేను.

సమ్మయ్య
అమ్మ సకినాలు చేసింది, అవే. అడ్వాన్స్ మీద ఓనర్ ఫోన్ ఎత్తుతలేడు, అది సోమవారం చూస్త. ఇప్పుడు అర్జెంట్ పని వేరే ఉన్నది: అమ్మ గంజు అడుగుతున్నది. అడుగున అంటిన మైనం ఎట్ల పోతది?

రమాదేవి
సలసల కాగే నీళ్లు పోసి వదిలెయ్, మైనం పైకి తేలుతుంది. చల్లారాక ఒక్క బిళ్లలా తీసెయ్. మోరీలో మాత్రం పారబోయకు.