బావ యాక్సిడెంట్ కేసులో అక్క వాళ్ల అత్తను చేర్చాలా, వద్దా?

శ్రీను (కోవూరు): మా బావ నాలుగు నెలల కింద సింగరాయకొండ దాటాక హైవే మీద లారీ గుద్ది చనిపోయాడు. బైకు మీద వస్తున్నాడు. రొయ్యల చెరువుల దగ్గర ఏరియేటర్ మోటార్లు రిపేరు చేసేవాడు. నెలకు సుమారు 16 వేలు వచ్చేది. అక్క, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు. బావ వాళ్ల అమ్మ వీళ్లతోనే ఉండేది. బావ వాళ్ల నాన్నకు ఊళ్లో రెండెకరాల పొలం ఉంది. ఇప్పుడు అత్త విడిగా ఒంగోలులో నష్టపరిహారం కేసు వేస్తానంటోంది. ఆమెను చేర్చకుండా అక్క, పిల్లల పేరు మీద మాత్రమే నెల్లూరులో వేస్తే మంచిదని మా వాళ్ల మాట. చేర్చితే ఆమెకు కొంత వాటా వెళ్లిపోతుందని భయం. ఏం చేయాలి?

రమణారెడ్డి (కావలి): తొందరేం లేదు తమ్ముడూ. ఈ కేసులకు టైం లిమిట్ ఉండదు. మా పెద్దనాన్న కేసు మూడేళ్ల తర్వాత వేశాం. ముందు తహసీల్దార్ ఆఫీసులో ఫ్యామిలీ సర్టిఫికెట్ తీసుకోండి. జీతంలో మూడో వంతు ఎలాగూ కొట్టేస్తారు, మిగిలినదాన్ని వయసును బట్టి గుణిస్తారు. అంతే.

ప్రసాద్ (ఒంగోలు): రమణారెడ్డి గారూ, మీ పెద్దనాన్న కేసు పాత రోజులది. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన రోజు లగాయతు ఆరు నెలల్లో పిటిషన్ వేయాలన్న నిబంధన వచ్చింది. దాని మీద సుప్రీంకోర్టులో సవాలు నడిచింది కానీ, ఆ ధైర్యంతో ఆలస్యం చేయకండి. శ్రీనుకు రెండు నెలలే ఉన్నాయి. పైగా వడ్డీ ఇచ్చేది మామూలుగా పిటిషన్ వేసిన తేదీ నుంచే. ప్రమాదం జరిగిన రోజు నుంచి కాదు.

నేను వకీలు గారి దగ్గర గుమాస్తాగా 22 ఏళ్లు చేశాను. ఎంవీఓపీలు, అంటే ఇలాంటి వాహన ప్రమాద పరిహారం కేసుల ఫైళ్లే ఎక్కువ చూశాను. శ్రీనూ, మీ వాళ్ల భయం తలకిందులుగా ఉంది. చనిపోయిన మనిషి సొంత ఖర్చు కింద తీసేసే భాగం అందరికీ ఒకటి కాదు. ఆధారపడినవాళ్లు ఇద్దరు ముగ్గురైతే మూడో వంతు తీస్తారు. నలుగురి నుంచి ఆరుగురైతే నాలుగో వంతే. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన లెక్క ఇది. అత్తను కలిపితే మీరు నలుగురు అవుతారు.

బావకు వయసెంత?

శ్రీను: ఆధార్‌లో 41. పదో తరగతి మార్కుల లిస్టులో 39. ఆధార్ వాళ్లు జనవరి 1 అని వేసేశారు.

ప్రసాద్: ఆ మార్కుల లిస్టు లామినేషన్ చేయించి దాచుకో. 2024లో సుప్రీంకోర్టు ఒక కేసులో, వయసుకు ఆధార్ కన్నా స్కూలు సర్టిఫికెట్‌కే విలువ ఇచ్చింది. ఎందుకంటానో లెక్క చూడు.

సొంత పని చేసుకునేవాళ్లకు 40 లోపు వయసైతే, ముందు ముందు సంపాదన పెరిగేదన్న అంచనాతో 40 శాతం కలుపుతారు. 2017లో ప్రణయ్ సేథీ తీర్పులో ఇది వచ్చింది. 40 నుంచి 50 మధ్య అయితే 25 శాతమే. 39 ఏళ్లకు గుణకం 15, 41కి 14.

39 ఏళ్లతో చేద్దాం. 16,000కి 40 శాతం కలిపితే 22,400. నాలుగో వంతు తీస్తే 16,800. పన్నెండు నెలలకు 2,01,600. దాన్ని 15తో గుణిస్తే 30,24,000.

ఆధార్ వయసు 41తో అయితే 20,000 లోంచి నాలుగో వంతు పోతే 15,000. ఏడాదికి 1,80,000. 14తో గుణిస్తే 25,20,000. రెండేళ్ల తేడాకు 5 లక్షల 4 వేలు పోయాయి.

ఇక అత్తను వదిలేస్తే, 22,400లో మూడో వంతు పోతుంది. అదే 39 ఏళ్ల లెక్కతో 26,88,000 వస్తుంది. అంటే ఆమె పేరు ఉన్నందుకే 3,36,000 ఎక్కువ. దీనికి తోడు భార్య, పిల్లలు, తల్లి ఒక్కొక్కరికీ ఆప్తుణ్ణి కోల్పోయినందుకు ఇచ్చే మొత్తం విడిగా ఉంటుంది. 2017లో 40,000గా పెట్టారు, మూడేళ్లకోసారి 10 శాతం పెంచాలన్నారు. ఆ లెక్కన ఇప్పుడు 48,400. రెండూ కలిపితే అత్త వల్ల 3,84,400 అదనంగా వస్తోంది. ఆమె వాటా అంతకు మించకపోతే అక్కకు ఒక్క రూపాయి తగ్గదు.

విజయలక్ష్మి (సూళ్లూరుపేట): మా ఆయనకు కూడా ఆటో గుద్ది కాలు విరిగింది. మెడికల్ బోర్డు 30 శాతం అంది. మాకు కూడా నాలుగో వంతు తీసేస్తారా అండీ?

ప్రసాద్: లేదమ్మా. మనిషి బతికి ఉన్నప్పుడు సొంత ఖర్చు తీసే ప్రశ్న ఉండదు. ఆ 30 శాతం వల్ల ఆయన చేసే పని ఎంత తగ్గిందన్నది చూస్తారు. డ్రైవరుకూ, గుమాస్తాకూ కాలు ఒకటే విరిగినా నష్టం ఒకటి కాదు. విడిగా పోస్టు పెట్టండి, ఇక్కడ కలిపితే శ్రీనుకు గందరగోళం అవుతుంది.

రమణారెడ్డి: సరే, టైం విషయంలో నేను తప్పే. కానీ అత్త ఒంగోలులో వేస్తే ఈ నెల్లూరు కేసు చెల్లదు కదా? ప్రమాదం జరిగింది ప్రకాశం జిల్లాలో.

ప్రసాద్: ప్రమాదం జరిగిన చోటా వేయవచ్చు, పిటిషనర్లు ఉంటున్న చోటా వేయవచ్చు. కోవూరు వాళ్లకు నెల్లూరు సరిపోతుంది. ఇద్దరూ రెండు చోట్ల వేస్తే అనవసరపు తిరుగుడు, ఇన్సూరెన్స్ కంపెనీ వకీలుకు పండగ. ఒకే పిటిషన్‌లో అందరూ సంతకాలు పెట్టడం మేలు. సంతకం పెట్టనంటే ఆమెను ప్రతివాదిగా చేర్చాలి. వారసుల్లో ఎవరినీ చెప్పకుండా వదిలేయడానికి వీల్లేదు. పిల్లల తరఫున అక్క గార్డియన్. వాళ్ల వాటా పెద్దయ్యేదాకా బ్యాంకులో డిపాజిట్ చేయిస్తారు, అది మాత్రం ముందే అక్కకు చెప్పు.

శ్రీను: మరి 16 వేలు ఎలా నిరూపించాలి అన్నా? జీతం స్లిప్పులు లేవు. బావ నల్ల గ్రీజు వేళ్ల గుర్తులున్న ఒక నోటు పుస్తకం ఉంది. "3వ చెరువు, బేరింగులు, 450" అని రాసుకున్నాడు. ఫోన్‌పేలో కొంత పడింది.

ప్రసాద్: ఆ పుస్తకం ఒరిజినలే కోర్టుకు ఇవ్వాలి, జిరాక్స్ కాదు. ఫోన్‌పే డబ్బు పడిన బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్, బ్యాంకు ముద్రతో తీసుకో. అన్నిటికన్నా గట్టిది, పని చేయించుకున్న చెరువు యజమాని బోనెక్కి చెప్పడం. చాలామంది ఆయన దగ్గర లెటర్ రాయించుకొచ్చి అదే సాక్ష్యం అనుకుంటారు. రాసిన మనిషి వచ్చి, కంపెనీ వకీలు అడిగే ప్రశ్నలకు జవాబివ్వకపోతే ఆ కాగితం విలువ తగ్గిపోతుంది. సాక్ష్యం సరిపోకపోతే జడ్జి కనీస వేతనాలను బట్టి తన అంచనా వేస్తారు. జీతం కాగితం లేనంత మాత్రాన కనీస వేతనమే ఖాయం చేయనక్కర్లేదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది కానీ, ఆ తీర్పు మీద భరోసా పెట్టుకుని సాక్షిని వదలొద్దు. 12 వేలే నమ్మారనుకో, ఇదే లెక్కలో 22,68,000కు దిగుతుంది.

ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, పోస్టుమార్టం రిపోర్టు, శవ పంచనామా, లారీ ఆర్‌సీ, పాలసీ కాపీ ఇవన్నీ స్టేషన్ నుంచి వస్తాయి. తిరగాల్సిందే.

శ్రీను: మామయ్యను కూడా కలిపితే ఐదుగురు అవుతారు కదా, ఇంకా తగ్గిస్తారా?

ప్రసాద్: లేదు, నాలుగు నుంచి ఆరు ఒకే మెట్టు. పైగా ఆయనకు పొలం ఆదాయం ఉంది. తండ్రికి సొంత సంపాదన ఉంటుందని కోర్టులు మామూలుగా అనుకుంటాయి. కౌలుకి ఇచ్చాడా, కొడుకు డబ్బుతోనే మందులు కొంటున్నాడా అన్నదాన్ని బట్టి నీ వకీలు చెప్పాలి.

శ్రీను: కౌలుకి ఇచ్చింది నిజమే, కాగితం లేదు. అత్త ఈ రోజు ఫోను ఎత్తింది. సంతకం పెడతానంది కానీ, తన వాటా ఎంతో ముందే రాసివ్వమంటోంది. అలా రాసిస్తే చెల్లుతుందా?

ప్రసాద్: ఎవరికి ఎంత అన్నది ఈ కేసు విచారించే ట్రిబ్యునల్ జడ్జి తేలుస్తారు. మీరు మీరు రాసుకున్న కాగితం ఆయన్ని కట్టిపడేయదు. ఇంట్లో మాట కోసం ఏం రాసుకోవాలన్నది వకీలు గారి ముందు కూర్చుని తేల్చుకోండి. ముందు వకాలత్‌లో వేలిముద్రలు, సంతకాలు పడనీ.