“సెంట్రింగ్ మేస్త్రీ”ని ఇంగ్లీష్‌లో ఏమని రాయాలి?

ప్రశ్న (జగిత్యాల): మా చిన్నాన్న ఖతార్‌లో పనికి అప్లై చేస్తున్నాడు. ఆయన తెలుగులో ఇలా రాసిచ్చాడు: “పన్నెండేళ్లుగా సెంట్రింగ్ మేస్త్రీని. ఎనిమిది మందితో పని చేయిస్తాను. డ్రాయింగ్ చూస్తాను.” నేను “సెంట్రింగ్ మాస్టర్” అని పెట్టాను. ఏజెంటు అర్థం కాలేదని తిప్పి పంపాడు.

తెలుగు టీచర్: మేస్త్రీ పోర్చుగీసు “మెస్త్రె” నుంచి వచ్చిన మాట. అర్థం మాస్టరే కదా, తప్పేముంది?

డిగ్రీ విద్యార్థి: కింద ఎనిమిది మంది ఉన్నారంటే సూపర్‌వైజరే. ఫోర్‌మన్ అని పెట్టండి, జీతం కూడా ఎక్కువ వస్తుంది.

సైట్ ఇంజనీర్ (దుబాయ్‌లో పదేళ్లు): ఫోర్‌మన్ వద్దు తమ్ముడూ. ఇక్కడ ఫోర్‌మన్ నాలుగైదు గ్యాంగులను చూడాలి, రోజూ రిపోర్టు రాయాలి, మెటీరియల్ అడగాలి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. “సెంట్రింగ్” మన దేశపు మాట, గల్ఫ్ ప్రకటనల్లో ఉండేది షటరింగ్ కార్పెంటర్. కాగితాలు చూసేవాడు వెతికేది ఆ మాటే.

అసలు చిక్కు “చేయిస్తాను” దగ్గర ఉంది. మన ఊళ్లో ఇల్లు కట్టించినాయనా “కట్టాను” అంటాడు, స్వయంగా సుత్తి పట్టినాయనా “చేయిస్తాను” అంటాడు. చిన్నాన్నను మూడు విషయాలు అడుగు. ప్లైవుడ్ కోసి మేకులు కొట్టేది ఆయనేనా? కూలి డబ్బులు ఇచ్చేది ఆయనా, కంపెనీయా? డ్రాయింగ్‌లో బీమ్ లోతు తనే చూసుకుంటాడా, ఇంజనీర్ చెప్పిన కొలత పట్టుకుంటాడా?

గృహిణి (గుంటూరు): మా ఆయన గుమాస్తా. అకౌంటెంట్ అని రాశాం, ట్యాలీ వచ్చా అని అడిగారు. రాదు. ఆయన రాసేది చిట్టా ఒక్కటే.

సైట్ ఇంజనీర్: అదే తేడా అమ్మా. పేరు పెద్దదైతే ఆ పేరుకు తగ్గ ప్రశ్నలే అడుగుతారు.

ప్రశ్న అడిగినవారు: ఫోన్ చేశాను అన్నా. కోసేది, బిగించేది, కాంక్రీట్ గట్టిపడ్డాక విప్పేది అన్నీ ఆయనే. కూలి కాంట్రాక్టర్ ఇస్తాడు. కాలమ్, బీమ్ కొలతలు డ్రాయింగ్‌లో చదువుతాడు, మెట్ల సెక్షన్ మాత్రం ఇంజనీర్‌ను అడుగుతాడట.

సైట్ ఇంజనీర్: అలాగే రాయి. పైన షటరింగ్ కార్పెంటర్. కింద మొదటి లైన్‌లో కాలమ్, బీమ్, స్లాబ్ షటరింగ్ స్వయంగా బిగించి విప్పడం. రెండో లైన్‌లో ఎనిమిది మంది గ్యాంగ్‌ను నడపడం. మూడో లైన్‌లో కాలమ్, బీమ్ డ్రాయింగ్ కొలతలు చదవడం. మెట్ల ఊసెత్తకు. ట్రేడ్ టెస్టులో రాసినవాటిలో ఏదైనా చేసి చూపమనవచ్చు.

డిగ్రీ విద్యార్థి: గ్యాంగ్‌ను నడిపేవాడికి చార్జ్‌హ్యాండ్ అనే పేరు ఉందిగా? అది రాయవచ్చు కదా?

సైట్ ఇంజనీర్: ఉంది. తను పని చేస్తూ కొద్దిమందిని నడిపేవాడికి అది సరిపోతుంది. కానీ ప్రకటనలో ఆ పోస్టు ఉంటేనే రాయాలి అని నా అభిప్రాయం.

తెలుగు టీచర్: మరి ఆ మనిషి పన్నెండేళ్లు మోసిన “మేస్త్రీ” అనే గౌరవం ఎక్కడ పోయినట్టు?

ప్రశ్న అడిగినవారు: చిన్నాన్న కూడా అదే అడిగాడు సార్. ఇంకా ఏమీ చెప్పలేకపోయాను.