లోను వచ్చింది, కానీ సరిపడా రాలేదు: అడ్వాన్సు ఎవరికి చెందుతుంది?

గేట్ బజార్ కుర్రాడు అడిగినది:
బరంపురంలో 60 లక్షలకు ఒక మేడ ఇల్లు కొందామని అగ్రిమెంట్ రాసుకున్నాం. అడ్వాన్సు 6 లక్షలు బ్యాంకు ద్వారానే ఇచ్చాం. గడువు 90 రోజులు. "కొనేవారికి బ్యాంకు లోను మంజూరు కాకపోతే అడ్వాన్సు తిరిగి ఇవ్వాలి" అని కాగితంలో ఉంది. మాకు కావలసింది 48 లక్షలు, బ్యాంకు 40 లక్షలే ఇస్తానంది. "లోను మంజూరైందిగా, మిగతాది మీరే తెచ్చుకోండి, లేకపోతే అడ్వాన్సు రాదు" అంటున్నారు అమ్మేవాళ్లు. ఎవరి మాట నిలుస్తుంది?

ఛత్రపురం మాస్టారు
బాబూ, బయానా ఇచ్చేదే మాట తప్పమని. తప్పితే పోతుంది. 2012లో సతీష్ బత్రా కేసులో సుప్రీంకోర్టు కూడా బయానాను జప్తు చేసుకోవచ్చనే చెప్పింది. లోను అసలే రాకపోతే నీ షరతు పనిచేసేది. 40 లక్షలు వచ్చింది కాబట్టి మంజూరైనట్టే. మీ కాగితంలో "48 లక్షలు" అన్న అంకె ఎక్కడా లేదు కదా. మిగతా 8 లక్షలు బంగారం మీదో, చుట్టాల దగ్గరో సర్దుకుని రిజిస్ట్రీ చేయించుకోవడం మంచిది. కోర్టుకెళితే ఆ 6 లక్షల కోసం ఏళ్లు తిరగాలి.

రాయగడ అక్క
మీ బిల్డర్ 10 శాతం కంటే ఎక్కువ తీసుకున్నాడా, లేదా? ముందు అది చూడండి. మేం విశాఖలో ఫ్లాట్ బుక్ చేసినప్పుడు లోను తేలకపోయేసరికి బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే రెరాకు వెళతామన్నాం. బిల్డర్ కొంత పట్టుకుని మిగతాది ఇచ్చేశాడు. మీరూ భువనేశ్వర్‌లో రెరాకు ఫిర్యాదు పెట్టండి.

పర్లాకిమిడి వకీలు
అక్కా, ఇది బిల్డర్ దగ్గర కొంటున్న ఫ్లాట్ కాదు. ఒక మనిషి తన పాత ఇంటిని ఇంకొకరికి అమ్ముతున్నాడు. రెరా ఇందులోకి రాదు. కాంట్రాక్టు చట్టం, ఆస్తి బదిలీ చట్టం చూసుకోవాలి.

మాస్టారూ, మీరు చెప్పిన తీర్పు నిజమే. కానీ అది కొనేవాడు ఒప్పందం తప్పినప్పటి మాట. షరతు ప్రకారం బయటికొచ్చినవాడు ఒప్పందం తప్పినట్టు కాదు. అందుకని ముందు తేలాల్సింది షరతు నెరవేరిందా లేదా అన్నది. జప్తు సంగతి ఆ తర్వాతే వస్తుంది. ఇంకోటి, ఇచ్చిన ప్రతి అడ్వాన్సూ బయానా అవదు. 1963 నాటి ఫతే చంద్ కేసులో అమ్మినవాడికి మొదట బయానాగా ఇచ్చిన 1,000 రూపాయలు దక్కాయి, ఆ తర్వాత ముట్టిన 24,000 దక్కలేదు. ధరలో భాగంగా ఇచ్చిన సొమ్ము వేరు, హామీగా ఇచ్చిన సొమ్ము వేరు అని కోర్టులు చూస్తాయి. పైగా 2015లో కైలాష్ నాథ్ కేసులో, నష్టమే జరగకపోతే ఊరికే పట్టుకోవడానికి వీల్లేదన్నారు. ఈ రెండు వరసల తీర్పులనూ కింది కోర్టుల్లో ఇరుపక్షాలూ చూపిస్తూనే ఉంటారు. ఖాయంగా గెలుస్తారని నేను అనను.

తమ్ముడూ, నాకు మూడు సంగతులు కావాలి. కాగితంలో "బయానా" అని గానీ "జప్తు" అని గానీ ఉందా? 60 లక్షల్లో ఎంత లోనుతో కడతారో ఎక్కడైనా రాశారా? అన్నిటికన్నా ముఖ్యంగా, బ్యాంకు 40 దగ్గర ఎందుకు ఆగింది? మీ జీతం చాలకనా, ఆ ఇంటి వల్లనా?

గేట్ బజార్ కుర్రాడు
అగ్రిమెంట్ ఒడియాలో ఉంది. మా నాన్నగారికి చదవడం రాదు, నేనే చదివాను. "అడ్వాన్సు" అనే ఉంది, జప్తు మాట లేదు. "మిగిలిన 54 లక్షలు బ్యాంకు రుణం, సొంత డబ్బు కలిపి చెల్లిస్తారు" అని ఒక వాక్యం ఉంది. బ్యాంకును అడిగితే మా జీతానికి 48 లక్షలు వస్తుందన్నారు. ఇంటి విలువ మాత్రం 50 లక్షలే కట్టారట, అందులో 80 శాతం 40. మేడ మీద వేసిన రెండు గదులకు ప్లాను అనుమతి లేదు కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోలేదన్నారు.

జయపురం పెద్దాయన
నేను అమ్మినవాణ్ని కాబట్టి అటువైపు మాట చెబుతాను. కిందటేడు ఒకాయన అగ్రిమెంట్ చేసుకుని, ఇదిగో లోను, అదిగో లోను అని గడువంతా లాగాడు. ఆఖరికి "బ్యాంకు ఒప్పుకోలేదు" అని డబ్బు అడిగాడు. ఆరా తీస్తే ఆదాయం కాగితాలు సగం కూడా ఇవ్వలేదు. ఈలోగా నేను ఇంకో ఇద్దరిని తిప్పి పంపాను. అమ్మాయి పెళ్లి ఖర్చుకు అమ్ముతున్న ఇల్లది, ఆ టెన్షన్ నాకే తెలుసు. లోను షరతు అంటే కొనేవాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లిపోయే తలుపా? అమ్మేవాడు పోగొట్టుకున్న మూడు నెలలకు లెక్క లేదా?

పర్లాకిమిడి వకీలు
పెద్దాయనా, మీ కేసులో న్యాయం మీ పక్కనే ఉంది. తన చేతులారా షరతు చెడగొట్టుకున్నవాడు ఆ షరతునే అడ్డం పెట్టుకోకూడదు. కాగితాలు ఇవ్వనివాడికి "లోను రాలేదు" అనే హక్కు రాదు. ఈ అబ్బాయి సంగతి దానికి తలకిందులు. ఇక్కడ లోను తగ్గించింది అమ్మేవాళ్ల మేడ గదులే.

తమ్ముడూ, ఇప్పుడు నీ వాదన ఇలా ఉండాలి. 60లో 6 ఇచ్చారు. మిగతా 54 రుణం, సొంత డబ్బు కలిపి అని ఇద్దరూ సంతకం పెట్టారు. ఇంకో 6 లక్షలు సొంతంగా వేసుకుంటే లోను 48 కావాలి. రిజిస్ట్రీకి స్టాంపు 5 శాతం, ఫీజు 2 శాతం, అంటే ఇంకో 4 లక్షల 20 వేలు. ఆడవాళ్ల పేర రాయిస్తే స్టాంపు 4 శాతమే. "మంజూరు" అంటే ఈ కొనుగోలు పూర్తి చేయగలిగినంత మంజూరు అనే అర్థం చెప్పాలి, లక్ష రూపాయలు మంజూరైనా షరతు తీరిందంటే ఆ వాక్యానికి పనే ఉండదు. ఇది గట్టి వాదన. అయినా అంకె రాయలేదు కాబట్టి మాస్టారి వాదనకు కూడా చోటు ఉంది, అది దాచను.

గడువు దాటకముందే చేయాల్సింది ఒకటుంది. విలువ 50 ఎందుకు కట్టారో, నీ ఆదాయం మీద ఎంత అర్హత ఉందో బ్యాంకు నుంచి రాతలో తీసుకో. వీలైతే రెండో బ్యాంకులో కూడా దరఖాస్తు పెట్టు, నువ్వు ప్రయత్నం చేశావనడానికి అదే రుజువు. ఆ కాగితాలు జతచేసి, 90 రోజుల లోపలే అమ్మేవాళ్లకు స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపు: "మేడ గదులకు అనుమతి తెప్పించండి, లేదా ధర తగ్గించండి, లేదా అడ్వాన్సు తిరిగి ఇవ్వండి." గడువు తర్వాత పంపితే అదే ఉత్తరం మాట తప్పినవాడి సాకులా కనిపిస్తుంది.

కోర్టు దాకా వస్తే దావాలో అడ్వాన్సు వాపసు కూడా విడిగా అడగాలి. ఇల్లు రిజిస్టర్ చేయించమని మాత్రమే అడిగి ఊరుకుంటే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 22వ సెక్షన్ ప్రకారం అడగని వాపసును కోర్టు తనంతట ఇవ్వదు. న్యాయమైన కారణంతో వెనక్కి తగ్గినవాడి అడ్వాన్సుకు ఆ ఇంటి మీదే హక్కు ఉంటుంది, ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్‌లో చూడండి. అమ్మేవాళ్లతో మాట్లాడేటప్పుడు ఆ సంగతి మెల్లగా గుర్తుచేయవచ్చు.

ఛత్రపురం మాస్టారు
మేడ గదుల సంగతి నాకు తెలియదు, అది వస్తే కథ వేరే. కానీ ఒక మాట. అగ్రిమెంట్‌కు ముందు కొనేవాళ్లు మేడ ఎక్కి చూశారు కదా? ప్లాను అడగని తప్పు వాళ్లదీ అవుతుంది.

బ్యాంకు కౌంటర్ వెనక నుంచి
నేను హోమ్ లోన్ సెక్షన్‌లో పనిచేస్తాను. చాలామంది మొదటి ఉత్తరం చూసి లోను వచ్చేసిందనుకుంటారు. జీతం, సిబిల్ చూసి "ఇంత దాకా ఇవ్వగలం" అని ఇచ్చే కాగితం అది. ఆస్తి జోలికి అప్పటికి బ్యాంకు వెళ్లదు. ఆ తర్వాత మా వకీలు పట్టా, పాత దస్తావేజులు చూస్తారు, వాల్యుయర్ ఇంటికి వెళ్లి కొలుస్తారు. మా ప్రాంతంలో చిక్కు వచ్చేది ఎక్కువగా ఈ రెండో దశలోనే. పట్టాలో భూమి ఇంకా సాగు కిసం, అంటే పంట భూమి రకం అని ఉంటుంది, పైఅంతస్తుకు అనుమతి ఉండదు, వారసుల్లో ఒకరి సంతకం లేదంటారు. పెద్ద అడ్వాన్సు ఈ దశ దాటాకే ఇవ్వండి. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు లోనుకు విలువలో 80 శాతం దాటి ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం. అమ్మేవారితో మీరు కుదుర్చుకున్న ధర ఎంతైనా బ్యాంకు తన విలువనే చూస్తుంది.

రాయగడ అక్క
అలాంటప్పుడు అడ్వాన్సు అమ్మేవాళ్ల చేతికి ఇవ్వకుండా మధ్యలో ఎవరి దగ్గరైనా పెట్టే దారి లేదా? మా అబ్బాయి అమెరికాలో ఇల్లు కొన్నప్పుడు డబ్బు ఎస్క్రోలోనే ఉంది.

బ్యాంకు కౌంటర్ వెనక నుంచి
బ్యాంకులు ఎస్క్రో ఖాతా తెరుస్తాయి అక్కా, కానీ దానికి మూడు పక్షాల ఒప్పందం రాసుకోవాలి, ఫీజు ఉంటుంది. మా బ్రాంచిలో ఒక్క పాత ఇంటి కోసం ఎవరూ అడిగింది లేదు. జనం చేసేది ఇద్దరి పేర జాయింటు ఖాతా. అందులో తెలియక చేసే పొరపాటు ఒకటుంది. ఫారంలో "ఎవరో ఒకరు" అని టిక్ పెడితే ఎవరైనా ఒక్కరే మొత్తం తీసేసుకోవచ్చు. "ఇద్దరూ కలిసి సంతకం" అనేదే ఎంచుకోవాలి. దాంతో ఇంకో చిక్కు, గొడవ పడితే డబ్బు ఇద్దరికీ రాకుండా అక్కడే ఉండిపోతుంది.

జయపురం పెద్దాయన
అమ్మేవాడికి డబ్బు చేతిలో పడకపోతే అడ్వాన్సు తీసుకుని ఏం లాభం? ఆ 6 లక్షలతోనే కదా అతను ఇంకో చోట ఇంటికి అడ్వాన్సు ఇచ్చేది. ఎస్క్రో మాట కొనేవాళ్లకు తీపిగా ఉంటుంది.

పర్లాకిమిడి వకీలు
ఆయన అన్నది నిజం. నేను రాయించే అగ్రిమెంట్లలో రెండు విడతలు పెడతాను. మొదట లక్ష, అది అమ్మేవాడి చేతికే. వాల్యుయేషన్, వకీలు రిపోర్టు అయ్యాక మిగతా 5. లోను వాక్యం ఇలా ఉంటుంది:

"ఈ ఆస్తి మీద కొనుగోలుదారుకు 48 లక్షలకు తగ్గకుండా తుది మంజూరు లభించాలి. అమ్మకందారు పత్రాల నకళ్లు అందించిన నాటి నుంచి 45 రోజులు గడువు. కొనుగోలుదారు 10 రోజుల్లో పూర్తి కాగితాలతో దరఖాస్తు చేయాలి. పత్రాలు, అనుమతి లేదా బ్యాంకు విలువ కారణంగా అంత రాకపోతే అడ్వాన్సు మొత్తం 15 రోజుల్లో వాపసు. కొనుగోలుదారు ఆదాయం, పాత అప్పు లేదా కాగితాలు ఇవ్వకపోవడం కారణమైతే 50,000 మినహాయించి వాపసు."

పెద్దాయన అడిగిన మూడు నెలల లెక్క ఆ 50,000లో ఉంది.

జయపురం పెద్దాయన
50,000 చాలదు. నేనైతే అడ్వాన్సులో సగం అంటాను.

గేట్ బజార్ కుర్రాడు
ఇంకా 22 రోజులు గడువుంది. రేపే బ్యాంకుకు వెళ్లి ఉత్తరం అడుగుతాను. అమ్మేవాళ్లు ధర 55కు తగ్గిస్తే తీసుకుందామంటున్నారు నాన్న. వకీలు గారూ, తగ్గించాక కొత్త అగ్రిమెంట్ రాయాలా, పాతదాని మీదే రాసుకుంటే సరిపోతుందా?

పర్లాకిమిడి వకీలు
పాతదాని తేదీ ప్రస్తావిస్తూ విడిగా సప్లిమెంటరీ అగ్రిమెంట్ రాయించు, స్టాంపు కాగితం మీద, ఇద్దరి సంతకాలూ సాక్షులూ ఉండాలి. 55 అయినా బ్యాంకు ఇచ్చేది 40 లక్షలే కాబట్టి మీ చేతి నుంచి ఇంకా 9 వెళ్లాలి, రిజిస్ట్రీ ఖర్చు అదనం. అది మీ దగ్గర ఉందో లేదో చూసుకుని ఒప్పుకో. గడువు కూడా ఆ కాగితంలోనే పెంచి రాయించు.