అప్‌డేట్: ఆశా కార్యకర్త నెలవారీ పనితీరు, 25 శాతం సంగతి

నేను అడిగింది: "మా ఆశా అక్కకు బాలింతల ఇంటి సందర్శనల్లో 25 శాతమే వచ్చింది. రివ్యూలో ఏం చెప్పాలి?"

మీరన్నట్టే ముందు రిజిస్టర్‌లో పేర్లు చూశాను. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరు సందర్శనలు జరగాలి. ఆ నెల జాబితాలో ఉన్నది నలుగురు శిశువులే, ఆరూ పూర్తయింది ఒక్కరికి. మిగతా ముగ్గురిలో ఇద్దరు తల్లులు కాన్పుకు పుట్టింటికి వెళ్లారు. మూడో పాప చాలా రోజులు నవజాత శిశువుల ప్రత్యేక వార్డులో ఉంది.

మరోవైపు, కాన్పుకు మా ఊరొచ్చిన ఒక ఆడపడుచు ఇంటికి అక్క ఆరుసార్లూ వెళ్లింది. ఆమె పేరు అత్తగారి ఊరి జాబితాలో ఉండటంతో ఇక్కడ లెక్కకు రాలేదు. ఊళ్లో నిజంగా ఉన్నవాళ్లనే లెక్కేస్తే ముగ్గురిలో ఇద్దరికి పూర్తయినట్టు. ఇంత చిన్న సంఖ్యకు శాతం కట్టడమే దండగ అనిపించింది. ఇకపై పేరు, కారణం రాసుకుంటాం. పుట్టింటికి వెళ్లినవాళ్ల వివరాలు ఆ ఊరి ఆశాకు ఫోన్‌లో చెప్పాలని అనుకున్నాం.

అయితే అక్కతో కలిసి ఒక ఇంటికి వెళ్తే అసలు లోపం దొరికింది. శిశువు శ్వాసను అర నిమిషం లెక్కించి రెట్టింపు చేస్తోంది. పసికందుల శ్వాస ఒకేలా ఉండదు కాబట్టి నిమిషమంతా చూడాలి. 60 లేదా అంతకు మించి వస్తే మళ్లీ లెక్కించాలి. బయటికొచ్చాక, బరువు చక్కగా తూచావని చెప్పి, తర్వాత ఇది చెప్పాను. "వాచీలో సెకన్ల ముల్లు కనపడట్లేదమ్మా" అంది. కొత్త టైమర్‌కు ఇండెంట్ పెట్టాం.