మూడు జాబితాల సభ్యుల లెక్కలో 15 మంది ఎక్కువ వస్తున్నారు

హైదరాబాద్‌లోని మా కాలనీ సంఘంలో యోగాకు 48 మంది, గ్రంథాలయానికి 60 మంది, చదరంగానికి 35 మంది పేర్లిచ్చారు. యోగా, గ్రంథాలయం రెండింటిలో 18 మంది, గ్రంథాలయం, చదరంగంలో 12 మంది, యోగా, చదరంగంలో 9 మంది, మూడింటిలోనూ 5గురు ఉన్నారని నమోదు పుస్తకంలో ఉంది. మనిషికొక గుర్తింపు కార్డు చేయించాలి కనుక, రెండేసింటిలో ఉన్నవారిని తీసివేసి, మూడింటిలో ఉన్నవారిని తిరిగి కలిపే సూత్రంతో 143 − 39 + 5 = 109 అని తేల్చాను. కూడికలు రెండుసార్లు సరిచూశాను. అయితే పేర్లన్నీ ఒకే కాగితంపై రాసి, మళ్లీ వచ్చిన పేరునల్లా కొట్టివేస్తూ పోతే 94 మందే మిగిలారు. తేడా 15, అంటే సరిగ్గా మూడు ఐదులు. మూడింటిలోనూ ఉన్న ఒక సభ్యురాలి పేరు రెండేసింటి జాబితాల్లో ఎక్కడా కనబడలేదు. ఆ 18, 12, 9లలో ఐదుగురూ చేరలేదనుకుంటే, 5ను కలపడానికి బదులు రెండింతలు చేసి తీసివేయడం, అంటే 143 − 39 − 10 = 94, సరైన పద్ధతేనా?